గోళం మీద ర్యాండమ్ బిందువులు: ధ్రువాల దగ్గర గుంపు కట్టకుండా ఏ పద్ధతి ఎంచుకోవాలి?

గోళం ఉపరితలం మీద ర్యాండమ్‌గా బిందువులు వేయమంటే చాలామంది చేతికి ముందుగా వచ్చే కోడ్ ఇది:

```python
lat = rng.uniform(-90, 90, n)
lon = rng.uniform(-180, 180, n)
```

ఇక్కడా కింది కోడ్‌లలోనూ `np` అంటే `numpy`, `rng` అంటే `np.random.default_rng()`, `n` అంటే బిందువుల సంఖ్య. ఈ కోడ్ ఏ ఎర్రర్ లేకుండా నడుస్తుంది. వచ్చిన బిందువులను అక్షాంశ రేఖాంశాల చదునైన పటం మీద గీస్తే చక్కగా, సమానంగా పరుచుకుని కనిపిస్తాయి. మోసమంతా అక్కడే ఉంది. ఆ పటంలో ధ్రువం అనే ఒక్క బిందువు పై అంచు పొడవునా సాగిపోయి ఉంటుంది. దాని మీద సమానంగా కనిపిస్తున్నాయంటే, గోళం మీద ధ్రువాల దగ్గర కిక్కిరిసి ఉన్నాయనే అర్థం. సరైన పద్ధతిలో వేసిన బిందువులు ఆ పటం మీద పైనా కిందా పలచగా కనిపించాలి. చాలామంది ఆ పలచదనం చూసి, సరైన కోడ్‌నే తప్పనుకుని మార్చేస్తారు. కాబట్టి ఈ విషయంలో పటాన్ని చూసి తీర్పు చెప్పొద్దు.

తేడా ఎంత ఉంటుందో లెక్క చూద్దాం. 10,000 బిందువులు వేశాం అనుకుందాం. ఉత్తర ధ్రువం నుంచి 10 డిగ్రీల లోపు ఎన్ని పడాలి? గోళం మొత్తం వైశాల్యంలో ఆ టోపీ వాటా (1 − cos 10°)/2, అంటే సుమారు 0.76 శాతం. దాదాపు 76 బిందువులు పడాలి. పై కోడ్ మాత్రం 180 డిగ్రీల్లో 10 డిగ్రీల వాటా ఇస్తుంది కాబట్టి దాదాపు 556 వేస్తుంది. ఏడు రెట్లకు పైగా ఎక్కువ. ధ్రువానికి దగ్గరయ్యే కొద్దీ ఆ రెట్లు ఇంకా పెరుగుతూనే ఉంటాయి, ఎందుకంటే సాంద్రత 1/cos(అక్షాంశం) చొప్పున పెరుగుతుంది. అటు భూమధ్యరేఖకు రెండువైపులా 30 డిగ్రీల లోపున్న పట్టీలో గోళం వైశాల్యం సరిగ్గా సగం ఉంటుంది. అక్కడికి ఈ కోడ్ మూడో వంతు బిందువులే పంపుతుంది.

ఇది బొమ్మ అందం దెబ్బతినడంతో ఆగదు, లెక్కే మారిపోతుంది. ఉదాహరణకు భూమి సగటు ఉష్ణోగ్రతకు ఒక సాదా నమూనా తీసుకుందాం. భూమధ్యరేఖ దగ్గర 28 డిగ్రీలు, ధ్రువాల దగ్గర −12 డిగ్రీలు, మధ్యలో అక్షాంశం φ దగ్గర 28 − 40·sin²φ. ఇది అసలు వాతావరణం కాదు, లెక్క కోసం పెట్టుకున్న సూత్రం. గోళం మీద sin²φ సగటు మూడో వంతు కాబట్టి సరైన సమాధానం 28 − 13.3, అంటే 14.7 డిగ్రీలు. పై కోడ్‌లో sin²φ సగటు సగం. కాబట్టి అది 28 − 20, అంటే 8 డిగ్రీలు అని చెబుతుంది. ఆరున్నర డిగ్రీలకు పైగా తప్పు. బిందువులు పదివేల నుంచి కోటికి పెంచినా ఈ తప్పు తగ్గదు. అదే తప్పు సమాధానం మరింత స్థిరంగా వస్తుంది, అంతే.

## ముందు ఒక ప్రశ్న తేల్చుకోండి

"గుంపు కట్టకూడదు" అనే మాట వెనక రెండు వేర్వేరు కోరికలు ఉంటాయి. ఒకటి, గోళం మీద ఏ చోటుకీ పక్షపాతం ఉండకూడదు, సమాన వైశాల్యానికి సమాన అవకాశం ఉండాలి. రెండోది, బిందువులు ఒకదానికొకటి దూరదూరంగా ఉండాలి. మొదటిది దొరికినంత మాత్రాన రెండోది దొరకదు.

పూర్తిగా సరైన పద్ధతిలో, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా 1,000 బిందువులు వేయండి. ఒక్కో బిందువుకి అతి దగ్గరి పొరుగు సగటున 3.2 డిగ్రీల దూరంలో ఉంటుంది. కానీ మొత్తం అన్నిటిలో అతి దగ్గరి జంట మధ్య దూరం 0.16 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. అంటే రెండు చుక్కలు దాదాపు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. కొన్నిచోట్ల ముద్దలు కడతాయి, కొన్నిచోట్ల ఖాళీలు మిగులుతాయి. నిజమైన ర్యాండమ్ అలాగే ఉంటుంది. ఆ ముద్దలు గోళం మీద ఎక్కడైనా సమాన అవకాశంతో వస్తే తప్పేమీ లేదు. ఎప్పుడూ ధ్రువాల దగ్గరే వస్తుంటే తప్పు.

మీకు కావలసింది మొదటిదైతే ఇక్కడి నుంచి వరుసగా చదవండి. దూరదూరంగా ఉండటమే ముఖ్యమైతే కింద దానికి వేరే భాగం ఉంది. అక్కడి పద్ధతులు ఈ అర్థంలో "ర్యాండమ్" కావు.

## ఎత్తును సమానంగా తీసుకోవడం

నా మటుకు మూడు కొలతల గోళానికి మొదటి ఎంపిక ఇదే. అక్షాంశాన్ని సమానంగా తీసుకోవడం మానేసి, z అనే ఎత్తును −1 నుంచి 1 వరకు సమానంగా తీసుకోవాలి. చుట్టూ తిరిగే కోణాన్ని 0 నుంచి 2π వరకు సమానంగా తీసుకోవాలి.

```python
z = rng.uniform(-1, 1, n)
t = rng.uniform(0, 2*np.pi, n)
r = np.sqrt(1 - z*z)
x, y = r*np.cos(t), r*np.sin(t)
```

అక్షాంశమే కావాలంటే `np.arcsin(z)` సరిపోతుంది. అది రేడియన్లలో వస్తుంది. డిగ్రీల్లోకి మార్చడం మరచిపోతే బిందువులన్నీ భూమధ్యరేఖ దగ్గర సన్నని పట్టీలో కూర్చుంటాయి కాబట్టి వెంటనే తెలిసిపోతుంది.

ఇది ఎందుకు పనిచేస్తుందో క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలోనే ఆర్కిమెడిస్ నిరూపించిన విషయాల్లోంచి వస్తుంది. పుచ్చకాయ సరిగ్గా గుండ్రంగా ఉందనుకుని, దాన్ని సమాన మందంలో అడ్డంగా చక్రాలుగా కోయండి. నడుమ వచ్చిన పెద్ద చక్రానికీ, కొసన వచ్చిన చిన్న ముక్కకీ తొక్క వైశాల్యం ఒక్కటే. నమ్మశక్యంగా అనిపించదు గానీ కారణం తేలిక. కొసవైపు వెళ్లే కొద్దీ చుట్టుకొలత cos φ చొప్పున తగ్గుతుంది. కానీ అక్కడ తొక్క ఏటవాలుగా వాలిపోతుంది కాబట్టి అదే మందంలో తొక్క వెడల్పు 1/cos φ చొప్పున పెరుగుతుంది. రెండూ ఒకదాన్నొకటి సరిగ్గా కొట్టేస్తాయి. ఎత్తు h ఉన్న ఏ పట్టీకైనా వైశాల్యం 2πRh, అది గోళంలో ఎక్కడ ఉన్నా సరే. అందుకే ఎత్తుని సమానంగా తీసుకుంటే వైశాల్యం సమానంగా పంచబడుతుంది. ఆర్కిమెడిస్ సమాధి మీద గోళం, స్థూపం బొమ్మ ఉండేదని, క్రీ.పూ. 75లో సిసిలీలో అధికారిగా ఉన్న సిసిరో ఆ గుర్తుతోనే పొదల మధ్య దాన్ని కనిపెట్టానని రాసుకున్నాడు.

ఈ పద్ధతికి ఉన్న అసలు బలం వేగం కాదు. రెండు సమాన సంఖ్యలు తీసుకుని ఒక బిందువు ఇస్తుంది, ఏదీ పారేయదు, వైశాల్యాన్ని చెక్కుచెదరనివ్వదు. అంటే చదరం మీద మీరు చేసిన ఏ ఏర్పాటైనా గోళం మీదికి అదే నిష్పత్తిలో వస్తుంది. చదరాన్ని గళ్లుగా విడగొట్టి గడికొక బిందువు వేసినా, సోబల్ లాంటి క్రమబద్ధమైన వరుసలు వాడినా, గోళం మీద కూడా సమాన వైశాల్యపు గడికి ఒక్కటి చొప్పున పడతాయి. వెలుతురు లెక్కలు వేసే గ్రాఫిక్స్ వాళ్లకు ఇది చాలా పెద్ద సౌకర్యం. కింద చెప్పే పద్ధతులు వేటిలోనూ ఇది ఇంత తేలిగ్గా రాదు.

గోళంలో ఒక పట్టీ మాత్రమే కావాలన్నా దీనితో ఒక్క లైను మారిస్తే చాలు, `lat1`, `lat2` మాత్రం రేడియన్లలో ఉండాలి:

```python
z = rng.uniform(np.sin(lat1), np.sin(lat2), n)
```

ఇక్కడ ఒక మాట. చిన్న ప్రాంతానికి ఈ సవరణ నిజంగా అవసరమా అని అడగొచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపి దాదాపు 12.6 నుంచి 19.9 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉంటాయి. అక్కడ అక్షాంశాన్నే నేరుగా సమానంగా తీసుకుంటే, ఉత్తరపు కొసన సాంద్రత దక్షిణపు కొస కంటే 4 శాతం లోపే ఎక్కువ. చాలా పనుల్లో అది కనిపించదు. దేశం మొత్తానికి, 8 నుంచి 37 డిగ్రీల వరకు తీసుకుంటే మాత్రం ఆ తేడా 24 శాతానికి చేరుతుంది. ఇక నార్వే, కెనడా లాంటి దేశాల గురించి చెప్పక్కర్లేదు. సవరణ ఒక్క `sin` దూరంలో ఉన్నప్పుడు, చిన్న ప్రాంతమైనా పెట్టేయడమే మంచిది. రేపు అదే ఫంక్షన్‌ని ఇంకెవరో పెద్ద ప్రాంతానికి వాడతారు.

లోపం ఒకటుంది. ధ్రువానికి మరీ దగ్గరగా వెళ్తే దశాంశ కచ్చితత్వం పడిపోతుంది. `float32` సంఖ్యల్లో 1కి సరిగ్గా ముందున్న సంఖ్య దానికి సుమారు 0.00000006 దూరంలో ఉంటుంది. z అక్కడ ఉంటే ధ్రువం నుంచి కోణం 0.00035 రేడియన్లు. భూమి సైజు గోళం మీద అది 2.2 కిలోమీటర్లు. అంటే ధ్రువం చుట్టూ రెండు కిలోమీటర్ల లోపల, ధ్రువం తప్ప మరెక్కడా బిందువు పడే వీలే ఉండదు, ఆ తర్వాతివి కూడా వలయాలు వలయాలుగా కూర్చుంటాయి. `float64` అయితే అదే దూరం పది సెంటీమీటర్ల లోపుకి వస్తుంది కాబట్టి పట్టించుకోనక్కర్లేదు. గ్రాఫిక్స్ కార్డు మీద తక్కువ కచ్చితత్వంతో పనిచేసేవాళ్లు మాత్రం గుర్తుంచుకోవాలి.

## మూడు గాసియన్ సంఖ్యలు

రెండో పద్ధతిని 1959లో ముల్లర్ ప్రచురించాడు. x, y, z మూడింటినీ ప్రామాణిక గాసియన్ పంపిణీ నుంచి విడివిడిగా తీసుకుని, వచ్చిన వెక్టర్‌ని దాని పొడవుతో భాగిస్తే చాలు.

```python
p = rng.standard_normal((n, 3))
p /= np.linalg.norm(p, axis=1, keepdims=True)
```

మూడు గాసియన్ల సాంద్రతలను గుణిస్తే ఘాతాంకాలు కూడుకుని −(x² + y² + z²)/2 అవుతుంది. అందులో కేంద్రం నుంచి ఎంత దూరం అన్నదే ఉంది, ఎటువైపు అన్నది లేదు. కాబట్టి ఏ దిక్కుకీ పక్షపాతం ఉండదు. పొడవుతో భాగించి దూరాన్ని తీసేస్తే దిక్కు ఒక్కటే మిగులుతుంది. ఇందులో ధ్రువం అనే ప్రత్యేక స్థానమే లేదు, మూడు అక్షాలూ సమానమే. పైన చెప్పిన కచ్చితత్వం సమస్య కూడా ఇక్కడ రాదు.

దీన్ని ఎప్పుడు ఎంచుకోవాలి? కొలతలు మూడు దాటే అవకాశం ఉంటే తప్పకుండా ఇదే. ఎత్తుని సమానంగా తీసుకునే కిటుకు సరిగ్గా మన మామూలు గోళానికి మాత్రమే పనిచేస్తుంది. వృత్తం మీద అది పనిచేయదు, నాలుగు కొలతల గోళం మీదా పనిచేయదు. గాసియన్ పద్ధతిలో 3 తీసేసి 4 పెట్టినా, 100 పెట్టినా కోడ్ మారదు. వస్తువుని ర్యాండమ్‌గా తిప్పడానికి కావలసిన క్వాటర్నియన్ కూడా నాలుగు గాసియన్లతో ఇలాగే వస్తుంది.

దీనిలో జరిగే పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒకటే: గాసియన్ బదులు సమాన పంపిణీ పడిపోవడం. `numpy` పాత ఫంక్షన్లలో `randn` బదులు `rand` అని టైప్ అయితే 0 నుంచి 1 మధ్య సంఖ్యలే వస్తాయి. అప్పుడు బిందువులన్నీ గోళంలో ఎనిమిదో వంతులోనే పడతాయి. అది కంటికి కనిపిస్తుంది కాబట్టి పర్వాలేదు. −1 నుంచి 1 వరకు సమానంగా తీసుకుని పొడవుతో భాగించడం మాత్రం చాలా ప్రమాదకరం, ఎందుకంటే అది చూడటానికి బాగానే ఉంటుంది. నిజానికి ఘనం లోపలి బిందువులను గోళం మీదికి నెడుతున్నాం. ఘనం మూలల వైపు ఎక్కువ పదార్థం ఉంటుంది. మూల దిక్కున దూరం, ముఖం మధ్య దిక్కు కంటే √3 రెట్లు. సాంద్రత ఆ √3కి మూడో ఘాతం, అంటే 5.2 రెట్లు. ధ్రువాల గుంపు పోయి ఎనిమిది మూలల గుంపు వస్తుంది.

## పారేసి తీసుకోవడం, మార్సాగ్లియా కిటుకు

ఆ ఘనం లోపాన్ని సరిచేయాలంటే ఘనంలో పడి గోళం బయట ఉన్న బిందువులను పారేసి, లోపల పడ్డవాటినే పొడవుతో భాగించాలి. ఫలితం పూర్తిగా సరైనది. కానీ ఘనంలో గోళం వాటా π/6, అంటే 52 శాతమే. ఒక్కో బిందువుకి సగటున 1.9 ప్రయత్నాలు, దాదాపు ఆరు ర్యాండమ్ సంఖ్యలు ఖర్చవుతాయి. కొలతలు పెరిగితే పరిస్థితి చేయిదాటిపోతుంది. పది కొలతల్లో సుమారు 400 ప్రయత్నాలకు ఒకటి నిలుస్తుంది.

1972లో మార్సాగ్లియా ఇచ్చిన పద్ధతి దీనికంటే చాలా సొగసైనది. u, v రెండింటినీ −1 నుంచి 1 వరకు తీసుకుని s = u² + v² లెక్కించాలి. s విలువ 1 లేదా ఎక్కువైతే పారేసి మళ్లీ తీసుకోవాలి. తర్వాత:

```
x = 2u√(1−s)
y = 2v√(1−s)
z = 1 − 2s
```

వృత్తం లోపల సమానంగా పడ్డ బిందువుకి s విలువ 0 నుంచి 1 వరకు సమానంగా ఉంటుంది. కాబట్టి z కూడా −1 నుంచి 1 వరకు సమానంగా ఉంటుంది. లోపల జరిగేది మళ్లీ ఆర్కిమెడిస్ లెక్కే. చదరంలో వృత్తం వాటా π/4, అంటే 78.5 శాతం కాబట్టి సగటున 1.27 ప్రయత్నాలు చాలు. సైన్, కొసైన్ అసలు అక్కర్లేదు, ఒక్క వర్గమూలంతో పని అయిపోతుంది.

త్రికోణమితి ఫంక్షన్లు ఖరీదైన చిన్న ప్రాసెసర్ మీద, సి లాంటి భాషలో లూప్ రాసుకునేటప్పుడు దీన్ని ఎంచుకోండి. `numpy`లో మాత్రం దీని జోలికి వెళ్లకపోవడమే మేలు. మొత్తం వరుసని ఒకేసారి లెక్కించే చోట కొన్నిటిని పారేసి మళ్లీ నింపడం తలనొప్పి. గ్రాఫిక్స్ కార్డు మీద కూడా అంతే. కలిసి నడిచే థ్రెడ్లలో ఒక్కటి మళ్లీ ప్రయత్నించాల్సి వచ్చినా మిగతావన్నీ దాని కోసం ఆగుతాయి. ఒక్కో బిందువుకి ఎన్ని ర్యాండమ్ సంఖ్యలు ఖర్చవుతాయో ముందే తెలియదు కాబట్టి, పనిని భాగాలుగా పంచి అదే సీడ్‌తో అదే ఫలితం రాబట్టాలనుకునేవాళ్లకు చికాకు కూడా.

## తప్పు బిందువులకే బరువు కట్టడం

కొన్నిసార్లు బిందువులు మీ చేతిలో ఉండవు. డేటా అక్షాంశ రేఖాంశాల గళ్లలోనే వస్తుంది, వాతావరణ డేటా ఎక్కువగా అలాగే ఉంటుంది. అప్పుడు బిందువులను మార్చడం మానేసి ఒక్కోదానికి cos φ బరువు కట్టి సగటు తీయాలి: విలువల్ని బరువులతో గుణించి కూడి, బరువుల మొత్తంతో భాగించాలి. మన 28 − 40·sin²φ నమూనాకి ఇలా చేస్తే 8 డిగ్రీలు పోయి 14.7 వస్తుంది.

కానీ బిందువులను ఎంచుకునే స్వేచ్ఛ మీకే ఉంటే ఇది మంచి ఎంపిక కాదు. ధ్రువాల దగ్గర వేసిన బిందువులకు దాదాపు బరువే ఉండదు, ఆ శ్రమ వృథా. ఇలాంటి ర్యాండమ్ బిందువులు 10,000 వేసినా సుమారు 8,100 సరైన బిందువుల పాటి విలువే వస్తుంది. పైగా ఇది సగటులకు పనికొస్తుంది గానీ, నక్షత్రాల బొమ్మ గీయడానికీ, కణాలను అన్ని దిక్కులకీ వదలడానికీ పనికిరాదు.

## దూరదూరంగా కావాలంటే

గోళం మీద సెన్సర్లు అమర్చాలి, ఆట కోసం గ్రహం మీద చెట్లు నాటాలి, తక్కువ బిందువులతో మంచి సగటు కావాలి. ఇలాంటి చోట ముద్దలు, ఖాళీలు మనకు పనికిరావు. ఫిబొనాచీ సర్పిలం ఇక్కడ తేలికైనది:

```python
i = np.arange(n)
z = 1 - (2*i + 1)/n
t = i * np.pi * (3 - np.sqrt(5))
```

మిగతా రెండు లైన్లు మొదటి పద్ధతిలోవే. ఎత్తు సమానమైన మెట్లలో దిగుతుంది, ప్రతి మెట్టుకీ కోణం సుమారు 137.5 డిగ్రీలు తిరుగుతుంది. ధ్రువాల దగ్గర గుంపు ఉండదు, పొరుగు దూరాలు దాదాపు సమానంగా వస్తాయి. అయితే ఇందులో ర్యాండమ్ ఏమీ లేదు, ఎప్పుడు నడిపినా అవే బిందువులు. ప్రతిసారీ వేరేగా కావాలంటే మొత్తం గోళాన్ని ఒక ర్యాండమ్ క్వాటర్నియన్‌తో తిప్పండి. అప్పుడు విడిగా చూస్తే ప్రతి బిందువూ గోళం మీద ఎక్కడైనా సమాన అవకాశంతో ఉంటుంది, బిందువుల మధ్య అమరిక మాత్రం చెదరదు.

సర్పిలం వరుసలు కంటికి కనిపించడం ఇష్టం లేకపోతే, పై సరైన పద్ధతుల్లో ఏదో ఒకదానితో బిందువులు తీస్తూ, ఇదివరకే ఉన్న ఏ బిందువుకైనా నిర్ణీత కోణం కంటే దగ్గరగా పడ్డదాన్ని పారేయండి. రెండు యూనిట్ వెక్టర్ల డాట్ ప్రాడక్ట్ cos 4° అంటే 0.99756 దాటితే అవి 4 డిగ్రీల కంటే దగ్గరగా ఉన్నట్టు. 1,000 బిందువులకు 4 డిగ్రీలు పెడితే ఇబ్బంది లేకుండా నిండుతుంది. 6 డిగ్రీలు పెడితే వెయ్యి చేరకముందే గోళం మీద కొత్తదానికి చోటు అయిపోయి లూప్ ఎప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. ఈ పద్ధతిలో పరిమితి సుమారు 5.4 డిగ్రీల దగ్గర వస్తుంది. కాబట్టి ప్రయత్నాలకు ఒక గరిష్ఠ సంఖ్య తప్పకుండా పెట్టండి.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. ఇలా దూరంగా నెట్టిన బిందువులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివి కావు. σ/√n అనే మామూలు దోషపు అంచనా వీటికి వర్తించదు. గెలాక్సీలు ఆకాశంలో నిజంగా గుంపులుగా ఉన్నాయా అని పరీక్షించే ఖగోళ శాస్త్రవేత్తలు పోల్చి చూడటానికి ర్యాండమ్ ఆకాశాన్ని తయారు చేసుకుంటారు. అక్కడ సర్పిలం వాడితే మామూలు ముద్దలు కూడా వింతగా కనిపించి లెక్క పూర్తిగా తప్పుతుంది. అక్కడ ఆకాశంలో అక్షాంశం లాంటి కోణమైన డెక్లినేషన్‌ని కాకుండా, sin(డెక్లినేషన్)ని సమానంగా తీసుకోవాల్సిందే.

## వచ్చింది సరైనదో కాదో ఎలా చూడాలి

పద్ధతి ఏదైనా 10,000 బిందువులు తీసి మూడు సగటులు చూడండి. మొదటిది x, y, z సగటులు, మూడూ సున్నా దగ్గర ఉండాలి, ±0.012 లోపు అయితే మామూలే. `rand` పొరపాటు ఇక్కడే దొరికిపోతుంది. రెండోది z² సగటు, 0.333 రావాలి, ±0.006 అటూ ఇటూగా. అక్షాంశాన్ని సమానంగా తీసుకున్న కోడ్ ఇక్కడ 0.5 ఇస్తుంది. ధ్రువాల గుంపుని పట్టుకోవడానికి ఇంతకంటే తేలికైన పరీక్ష లేదు.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. ఘనంలోని బిందువుల్లో వేటినీ పారేయకుండా పొడవుతో భాగించిన కోడ్ ఈ రెండు పరీక్షల్లోనూ పాసవుతుంది. అందులో మూడు అక్షాలూ సమానమే, x² + y² + z² ఎప్పుడూ 1 కాబట్టి z² సగటు మూడో వంతు రాక తప్పదు. దాన్ని పట్టుకోవాలంటే z⁴ సగటు చూడాలి. సరైన పంపిణీకి అది 0.2 రావాలి, పదివేల బిందువులతో ±0.005 తేడా ఉండొచ్చు. ఘనం కోడ్ సుమారు 0.18 ఇస్తుంది, అదృష్టం మీద వచ్చే తేడా కంటే అది చాలా ఎక్కువ. ఇదే పరీక్షను x, y లతో కూడా చేయండి. కోడ్‌లో ఎవరో అక్షాలు తారుమారు చేసి ఉంటే, గుంపు ధ్రువాల దగ్గర కాకుండా x అక్షం కొసల దగ్గర ఉండొచ్చు.